ఏటిసూతకం, ఇంగ్లండు సీటు

మా తమ్ముడి చదువు సంగతి మా బంధువుల్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తారు. చిన్నాయన పిల్లలను అడిగితే, వాడికి ఒళ్లు బాగలేక ఏడాది ఆలస్యంగా ఇంగ్లండు పోయినాడంటారు. మా అత్తగారి వైపువాళ్లు, చదువు మధ్యలో ఆగిపోయినా అదృష్టం బాగుండి సీటు దొరికిందంటారు. రెండూ నిజం కాదు. ఇప్పటికీ మా వీధి పిల్లలు ఎవరో ఒకరు వచ్చి, "పెద్దమ్మా, ఒక ఏడాది ఆగితే బయటి దేశాల్లో సీటు ఇస్తారా, ఇయ్యరా?" అని అడుగుతుంటారు. అడిగిన ప్రతిసారీ మొదటినుంచీ చెప్పలేక, నా కళ్లముందు జరిగింది జరిగినట్టు ఒకచోట రాసిపెడుతున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా ఆయన సచివాలయంలో గుమాస్తా. ఆఫీసులు సగం గుడారాల్లోనే నడిచేవి. గాలి లేచిందంటే ఫైళ్ల మీద ఎర్రమట్టి పేరుకునేది, సాయంత్రం ఆయన చొక్కా దులిపితే గడప నిండా అదే. ఇండ్లు దొరకని కాలంలో మాకు రెండు గదులు దొరికినాయి. అవి గ్రంథాలయానికి దగ్గరగా ఉండటం నా భాగ్యం. నేను బడిలో చదివింది ఐదో ఫారం దాకానే. ఆ తర్వాత నేర్చుకున్నదంతా అక్కడి బీరువాల్లోంచే నేర్చుకున్నాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కొంచెం గర్వం కూడా. మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి, జనం పలచగా ఉండే వేళ చూసుకుని పోయేదాన్ని.

ఆ ఏడాది ఉగాది పోయిన కొద్దిరోజులకే కడపలో మా నాయన పోయినాడు. ఆయనది నాపరాళ్ల వ్యాపారం. కమలాపురం దగ్గరి గనుల్లో పలకలు కొట్టించి, లారీలకెత్తించి బయటి ఊర్లకు పంపేవాడు. గనిలో తీసిన రాయిలో సగం పగిలి చెత్తకుప్పలో పడుతుందని ఆయనకు శానా బాధ. "దీన్ని ఎట్ల కోయాల్నో చదువుకున్నోడు ఒకడుంటే ఇంత నష్టం రాదు" అనేవాడు. ఆ ఒకడు మా తమ్ముడు కావాలని ఆయన కోరిక. వాడు ఇంటర్మీడియట్ పరీక్షలు రాసి ఉన్నాడు. పదిహేడేండ్లు. ఒక్కడే కొడుకు.

జూన్‌లో ఫలితాలు వచ్చినాయి. వాడికి మొదటి తరగతి. ఇంగ్లండులో గనుల ఇంజనీరింగు చదవాలని నాయన బతికుండగానే అనుకున్నదే. కానీ అమ్మ ఒక్కమాట చెప్పింది. ఏటిసూతకం తీరేదాకా వాడు సముద్రం దాటేందుకు లేదు. నెలనెలా మాసికం పెట్టాల్సింది వాడే. వచ్చే చైత్రంలో సంవత్సరీకం అయినాక యాడికైనా పొమ్మంది.

వాడు అమ్మకు ఎదురు చెప్పలేదు. నాయనకు పెట్టాల్సిన పిండం ఇంకొకరి చేత పెట్టించాలని వాడికీ లేదు. వాడి భయం వేరు. మావైపు ఇంటర్ అయినాక ఒక ఏడాది ఇంట్లో ఉన్నాడంటే తప్పినోడని అర్థం. వీధిలో అట్లాంటి పిల్లలను చూసి నవ్వేవాళ్లలో వాడు కూడా ఒకడు. ఇంగ్లండు వాళ్లు కూడా అట్లే అనుకుంటే? మార్కులు చూడకముందే పక్కకు పడేస్తే?

ఆషాఢంలో ఒకరోజు సాయంత్రం చిన్నాయన, వాడు బస్సులో మా ఇంటికి వచ్చినారు. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా వచ్చేసరికి ఇద్దరి తలలూ మట్టి కొట్టుకుపోయి ఉండాయి. వాడికి గుండు మీద వెంట్రుకలు ఇంకా సరిగా పెరగలేదు. కాళ్లు కడుక్కుని కూచున్నాడో లేదో అడిగేసినాడు.

"అక్కా, నువ్వు శానా చదువుతావు కదా. ఏడాది ఖాళీ ఉంటే ఇంగ్లండులో తీసుకుంటారా, తీసుకోరా?"

"తీసుకోకుండా ఏం చేస్తారులేరా," అన్నాను. నిజానికి నాకు తెలియదు.

చిన్నాయన తుండుగుడ్డతో మెడ తుడుచుకుంటా నవ్వినాడు. ఆయన తాలూకాఫీసులో పనిచేసి రిటైరైనాడు. కాయితంతో కాని పని లోకంలో లేదని ఆయన నమ్మకం.

"వానికెందుకమ్మా బయం? నేనుండా కదా," అని సంచిలోంచి ఒక మడత తీసినాడు. "సర్వీసంతా ఇదే చూసినా. రానన్నాళ్లకు డాక్టరు కాయితం పెడితే అడిగే నాథుడుండడు. ఈ ఏడాదికి కూడా అంతే."

విప్పి చూస్తే కడపలో ఎవరో డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టు. కుర్రవాడి ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నందువల్ల ఒక సంవత్సరం పూర్తి విశ్రాంతి అవసరం అని రాసి ఉంది.

"వీని ఊపిరితిత్తులకు ఏమైంది చిన్నాయనా?"

"ఏమీ కాలేదు. బండరాయి మాదిరి ఉండాడు. కడుపునొప్పి అంటే ఏడాది నమ్మరు కదమ్మా, అందుకని కొంచెం పెద్దది రాయించినా."

తమ్ముడు తలవంచుకుని వేలితో చాప గీకుతున్నాడు. ఆ కాయితం వాడికి నచ్చలేదని తెలుస్తూనే ఉంది. కానీ అది లేకపోతే దారి లేదేమోనన్న భయంతో పెద్దాయన మాట కాదనలేకపోతున్నాడు.

మరుసటిరోజు మధ్యాహ్నం నేను గ్రంథాలయంలో ఇంగ్లండు విశ్వవిద్యాలయం ఒకదాని వివరాల పుస్తకం వెతికి పట్టుకున్నాను. యుద్ధానికి ముందు అచ్చయింది. అట్ట ఊడి ఉంది. ప్రవేశాల నిబంధనలన్నీ తెలుగులో ఎత్తి రాసుకున్నాను. ఏడాది ఖాళీ గురించి అందులో ఒక్కముక్క లేదు. లేదంటే అడ్డులేదనా, లేక వాళ్లు అట్లాంటివాళ్ల గురించి ఆలోచించనే లేదనా? పుస్తకం అంతవరకే చెప్పింది.

పఠనమందిరంలో రోజూ కనపడే ఒక పెద్దమనిషి ఉండేవాడు. కర్నూలు కాలేజీలో లెక్కలు చెప్పే అధ్యాపకుడు, ముస్లిం. ఇంగ్లండులో చదివివచ్చినవాడు. విదేశాలకు పోయే పిల్లలకు సలహా చెప్పడానికి విశ్వవిద్యాలయం పెట్టిన సంఘంలో ఆయన కూడా ఉన్నాడు. దరఖాస్తులు ఆయన చేతిమీదుగా పోవడం నాకు తెలుసు. నా చేతిలోని పుస్తకం చూసి, "ఇది పాతదమ్మా. దీంట్లో సగం మారిపోయింది. ఎవరికోసం?" అన్నాడు. చెప్పినాను. రేపు సాయంత్రం ఇంటికి తీసుకురమ్మన్నాడు.

వాళ్ల ఇల్లు పాతకోట వైపు. వరండాలో కుర్చీలు వేసినారు. ఆయన భార్య చాయ్ పంపింది. చిన్నాయన "ఇప్పుడే తాగొచ్చినాం" అన్నాడు. నేనూ తమ్ముడూ తాగినాం.

ఆయన మొదట తమ్ముడినే అడిగినాడు. "నీ అనుమానం ఏమి బేటా? నువ్వే చెప్పు."

"సార్, మా నాయన పోయినాడు. ఏడాది ఇక్కడే ఉండాల. వచ్చే ఏడు పోతే, ఈ ఏడాది ఎందుకు ఖాళీగా ఉండావని అడిగి సీటు ఇయ్యరేమో అని."

"ఈ అక్టోబరుకు నువ్వు యాడ పోదామనుకున్నావు?"

"ఇంగ్లండుకు, సార్."

"అదెట్లా కుదురుతుంది? నీ ఫలితాలు జూన్‌లో వచ్చినాయి. అక్కడ అక్టోబరులో మొదలయ్యే తరగతికి ఎప్పుడో చలికాలంలోనే దరఖాస్తులు తీసుకుని, పిల్లలను ఏరుకుని పెట్టుకుంటారు. మన ఇంటర్ పరీక్ష రాసి వెంటనే పోవాలంటే, మార్కులు రాకముందే అడిగి ఉండాల. నువ్వు అడిగినావా?"

"లేదు సార్."

"అయితే ఏటిసూతకం ఉన్నా లేకున్నా నీకు వచ్చే అక్టోబరే. నువ్వు పోగొట్టుకున్నావని ఏడుస్తున్న ఏడాది నీ చేతిలో ఎప్పుడూ లేదు."

తమ్ముడు నావైపు చూసినాడు. అంత సులభమైన లెక్క మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. నేను రాసుకున్న నిబంధనల్లో చివరి తేదీ కూడా ఉంది. దాన్ని మా ఫలితాల తేదీ పక్కన పెట్టి చూడాలని నాకూ తోచలేదు.

"అయినా సార్, ఏడాది ఖాళీ ఖాళీయే కదా," అన్నాడు తమ్ముడు నెమ్మదిగా. "తప్పినోడనుకోరా?"

"మార్కుల కాయితం ఉంది కదా, తప్పలేదని అదే చెప్తుంది. ఇంకో సంగతి విను. అక్కడి మగపిల్లలు స్కూలు కాగానే రెండేండ్లు సైన్యంలో పనిచేయాల, ప్రభుత్వం నియమం. అది ముగించుకుని కాలేజీకి వచ్చేవాళ్లు శానామంది. ఏడాది ఆగినోన్ని చూస్తే వాళ్లకు వింత కాదు. కాకపోతే ఒకటి అడుగుతారు, ఆ ఏడాది ఏం చేసినావు అని. దానికి నీ దగ్గర జవాబు ఉండాల."

అప్పుడు చిన్నాయన గొంతు సవరించుకున్నాడు. "దానికి జవాబు తెచ్చినాం సార్," అని సర్టిఫికెట్టు చేతికిచ్చినాడు.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివినాడు. తమ్ముడి ఛాతీ వైపు చూసినాడు. మళ్లా కాయితం చూసినాడు.

"క్షయ ఎవరికప్పా?"

"అబ్బెబ్బే, క్షయ కాదు సార్. ఊరికే బలహీనత."

"వాళ్లు అట్లనే చదువుతారు. ఊపిరితిత్తులు, ఏడాది విశ్రాంతి, అంటే ఇంకేముంది? ఆరోగ్యం గురించి దరఖాస్తులోనే ప్రశ్న ఉంటుంది. ఛాతీ ఫోటో అడుగుతారు. ఫోటోలో ఏమీ కనపడకపోతే, మరి ఈ కాయితం ఏమిటంటారు. ఏడాది ఆగినందుకు ఎవరూ తీసేయరు. దీన్ని చూస్తే మాత్రం తీసేస్తారు. పైగా చదవబోయేది గనుల చదువు, దుమ్ములో పని!"

చిన్నాయన మొహం నల్లబడింది. "మావాళ్లంతా ఇట్లే చేస్తారు సార్," అన్నాడు.

"ఆఫీసు సెలవుకు చేస్తారు. ఇది సెలవు కాదు."

లేవబోతుంటే తమ్ముడు అసలు సంగతి బయటపెట్టినాడు. "సార్, కాలేజీ ప్రిన్సిపాలు ఇచ్చిన సిఫారసు ఉత్తరంలో కూడా అట్లే రాసినారు. చిన్నాయన చెప్తే, ఒళ్లు బాగలేక ఏడాది చదువు ఆపుకున్నాడని."

అధ్యాపకుడు కుర్చీలో వెనక్కి వాలినాడు. "అయితే అది మార్పించుకుని రా. పిల్లవాడు ఒకటి, ప్రిన్సిపాలు ఒకటి రాస్తే రెండూ నమ్మరు. అది మారనిదే నేను ముందుకు పంపను."

చిన్నాయన మాకన్నా ముందు వడివడిగా నడిచినాడు. ఇంట్లో అడుగుపెట్టగానే, "ఆయప్పకేం తెలుసు! రాసిన పెద్దమనిషి దగ్గరికి పోయి, నేను అబద్ధం చెప్పినా సార్, మార్చండి అంటానా? నా తల యాడ పెట్టుకోవాల?" అన్నాడు. తమ్ముడు తనే పోయి అడుగుతానన్నాడు. "నువ్వు పోతే నన్ను అబద్ధాలకోరును చేసినట్టే," అని కసిరినాడు. ఇట్లా ముడిపడిపోయింది. ఉత్తరం మారాలంటే ఆయనే పోవాలి. ఆయన పోనంటాడు. చలికాలం లోపల దరఖాస్తు పోకపోతే, ఈసారి నిజంగానే ఒక ఏడాది పోతుంది.

శ్రావణంలో మాసికానికి నేనూ కడప పోయినాను. బ్రాహ్మణుడు వెళ్లిపోయి అందరూ భోజనాలు చేసినాక, వెనక వసారాలో అమ్మతో మామూలుగా మాట్లాడుతూ సర్టిఫికెట్టు సంగతి ఎత్తినాను. అమ్మకు అంతవరకు తెలియదు. ఆమెకు ఇంగ్లండు నియమాలేవీ పట్టలేదు. ఒక్కటే పట్టింది.

"ఏమని రాయించినాడు?"

"ఊపిరితిత్తుల జబ్బు అని."

అమ్మ లేచి ముందు గదికి పోయింది. నాయన పోయినప్పటి నుంచి ఆమె ముందు గదిలోకి వచ్చి గొంతెత్తి మాట్లాడింది అదే మొదటిసారి.

"ఏమప్పా మరిదీ, ఇంట్లో ఒక పీనుగు లేచి ఇంకా ఏడాది తిరగలేదు. ఉన్న ఒక్క బిడ్డకు జబ్బని సంతకం పెట్టించి సంచిలో పెట్టుకుని తిరుగుతాండావా?"

"వదినా, అది ఉత్త కాయితం..."

"వాళ్ల నాయనకు పిండం పెట్టిన చేయి అది. ఆ చేయికి జబ్బు రాయించేకి నీకు మనసెట్ల ఒప్పింది? ఏటిసూతకంలో ఉండాడని రాసేకి సిగ్గా? తండ్రికి కర్మ చేస్తాండాడని రాస్తే తక్కువైతాదా?"

తమ్ముడికి చెడు జరగాలని చిన్నాయన అనుకున్నవాడు కాదు. అన్న పోయినాక ఆ పిల్లవాడి బరువు తనమీద ఉందని, తనకు తెలిసిన ఒకే ఉపాయం వాడినాడు. సంచి తెచ్చి, ఆ సర్టిఫికెట్టు వదిన ముందరే చింపి పొయ్యిలో వేసినాడు. మరుసటిరోజు పొద్దున్నే తెల్లపంచె కట్టుకుని, తమ్ముడిని కూడా రానీయకుండా, ఒక్కడే ప్రిన్సిపాలు ఇంటికి పోయినాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో మాకు ఎప్పుడూ చెప్పలేదు. మధ్యాహ్నానికి కొత్త ఉత్తరంతో తిరిగొచ్చి, "నీళ్లియ్యండి" అన్నాడు.

ఆ ఏడాది ఏం చేసినావన్న ప్రశ్నకు జవాబు కూడా నాయన వదిలిపెట్టిపోయిన పనిలోనే దొరికింది. తమ్ముడు కమలాపురం దగ్గర గనిలో మేస్త్రీ కింద పనికి కుదిరినాడు. రాతి పొర యాడ విడిపోతుందో, ఉలి యాడ పెట్టాలో, ఏ పలక యాడ పగిలిందో, ఎందుకు పగిలిందో చూసి రాసుకోవడం వాడి పని. మాసికం తిథికి ముందురోజు కడప వచ్చి, కార్యం అయినాక మళ్లా పోయేవాడు. లెక్కలు మర్చిపోతే సీటు వచ్చినా నిలబడలేవని అధ్యాపకుడు హెచ్చరించి, తన పుస్తకాలు ఇచ్చినాడు. వాటిలోని లెక్కలు వాడు గనిలో గడ్డి కప్పిన పాక కింద చేసుకునేవాడు. బి.ఎస్సీ.లో చేరి మధ్యలో వదిలేస్తే మేలు కదా అని స్నేహితులు అన్నారు. చేరితే తప్పేమీ లేదు కానీ, వదిలేసినందుకు ఇంకో సంజాయిషీ రాయాల్సి వస్తుందని అధ్యాపకుడు చెప్పడంతో వాడు ఆ ఆలోచన మానుకున్నాడు.

దరఖాస్తుతో పాటు ఏడాది గురించి ఒక వివరణ జతచేయమన్నారు. అది రాసే పని నాకు వచ్చింది. నేను గ్రంథాలయంలో కూచుని, పితృఋణమంటే ఏమిటి, శ్రాద్ధకర్మ ఎప్పటినుంచి ఉంది, ఏ శాస్త్రం ఏమంటుంది, అన్నీ తిరగేసి నాలుగు పేజీలు నింపినాను. మా ఆయన దాన్ని ఇంగ్లీషు చేసి పెట్టినాడు. అధ్యాపకుడు మొత్తం చదివి, ఎర్ర పెన్సిలుతో మొదటి మూడు పేజీలకు అడ్డంగా గీత కొట్టినాడు.

"శానా బాగా రాసినావమ్మా. నేనే కొన్ని కొత్త సంగతులు తెలుసుకున్నా. కానీ చదివేవాడికి కావాల్సింది ఇంతే. తండ్రి పోయినాడు. ఒక్కడే కొడుకుగా ఏడాదిపాటు నెలనెలా చేయాల్సిన కర్మలు ఉన్నాయి. ఈలోపు గనిలో పని నేర్చుకుంటున్నాడు. లెక్కలు చదువుతున్నాడు. అక్టోబరుకు రాగలడు. చాలు."

"అంత చిన్నదిగా రాస్తే మన ఆచారం వాళ్లకెట్ల అర్థమవుతుంది సార్?"

"అర్థం కాకపోయినా నమ్ముతారు. నాలుగు పేజీలు రాస్తే, ఎందుకింత చెప్తున్నాడని అనుమానపడతారు."

ఆ మూడు పేజీలు పోయినందుకు నాకు రెండుమూడు రోజులు బాధగానే ఉండింది.

ఒక్కో విశ్వవిద్యాలయానికి విడివిడిగా రాయాల్సి వచ్చింది. అన్నీ చలికాలం ముదరకముందే విమానం టపాలో పోయినాయి. మొదట వచ్చిన జవాబు కాదని. దాన్ని కడపలో విప్పి చదివిన తమ్ముడు, నేను చెప్పలేదా అన్నట్టు నాకు కార్డు రాసినాడు. నేను ఉత్తరం తెప్పించుకుని అధ్యాపకుడికి చూపించినాను. ఇంటర్మీడియట్ తమకు సరిపోదని, డిగ్రీ అయినాక రాయమని అందులో ఉంది. ఏడాది ఊసే లేదు. "కొందరు అట్లే అంటారు. ఇంకొకరి కోసం చూడండి," అన్నాడాయన.

రెండో విశ్వవిద్యాలయం కాదనలేదు, ఔననీ లేదు. ఆ ఏడాది గురించే అడిగింది. గనిలో ఏ పని చేస్తున్నాడో, ఎంతకాలంగా చేస్తున్నాడో గని యజమాని రాసి పంపాలంది. మా నాయన పోయినాక ఆ గనిని ఆయన భాగస్వామి చూసుకుంటున్నాడు. మాసికాల కోసం తమ్ముడు పనికి రాని రోజులు కూడా దాచకుండా, ఉన్నదున్నట్టు ఆయన రాసిచ్చినాడు. సంవత్సరీకానికి కొద్దిరోజుల ముందు జవాబు వచ్చింది. గనిలో పనిచేసిన అనుభవం ఉన్న అభ్యర్థిగా అక్టోబరు తరగతిలో చేర్చుకుంటామని. తమ్ముడు ఆ ఉత్తరం చదివి, మడిచి, అమ్మ చేతికిచ్చి, "ఇంగ వంటవాళ్లకు ఎవరికి చెప్పినావమ్మా?" అని సంవత్సరీకం పనుల్లో పడిపోయినాడు. ఆరోజు వాడు ఆ ఏడాది గురించి ఇంకొక్క మాట అడగలేదు. ఆ తర్వాత కూడా ఎన్నడూ అడగలేదు.

ఇందులో ఎవరి పేరూ రాయలేదు. పేరు రాస్తే కోపం వచ్చేవాళ్లూ, రాయకపోతే కోపం వచ్చేవాళ్లూ ఇద్దరూ మా ఇంట్లోనే ఉండారు. కాబట్టి వరసలతోనే చెప్పుకుంటాను. తెలిసింది తెలిసినట్టు చెప్పిన లెక్కల అధ్యాపకుడికీ, కొత్తవాళ్లమని చూడకుండా ఎన్నిసార్లు పోయినా చాయ్ ఇచ్చిన ఆయన ఇల్లాలికీ, ఒకసారి రాసిన ఉత్తరాన్ని విసుక్కోకుండా తిరగరాసిన ప్రిన్సిపాలుకూ, చేయి పట్టుకుని ఉలి నేర్పిన గని మేస్త్రీకీ, ఆఫీసునుంచి వచ్చి రాత్రుళ్లు ఇంగ్లీషు చేసిపెట్టిన మా ఆయనకూ, ముందు గదిలోకి వచ్చి ఆ ఒక్కరోజు గొంతెత్తిన మా అమ్మకూ నేను రుణపడి ఉన్నాను. అందరికన్నా ఎక్కువగా మా చిన్నాయనకు. ఒక మంచి మనిషి తాను చెప్పిన మాట తప్పని ఇంకొకరి గడపలో నిలబడి చెప్పుకోవడం ఎంత కష్టమో, ప్రిన్సిపాలు ఇంటినుంచి వచ్చి ఆయన ఆరోజు తాగిన నీళ్లు చూసినదాన్ని, నాకు తెలుసు.